ఒకే గడియారం, రెండు సాయంత్రాలు

*మా అమ్మాయి గువాహటిలో ఎంటెక్ చదువుతోంది. డిసెంబర్ మొదటి వారంలో ఒకరోజు నాలుగున్నరకి ఫోన్ చేసి, "అమ్మా, ఇక్కడ పొద్దు గుంకిపోయింది, ఏదో దిగులుగా ఉంది" అంది. అప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మా మేడ మీద ఎండలోనే బట్టలు తీస్తున్నాను. ఒకే దేశం, ఒకే టైమ్, మరి ఇదేం లెక్క? మా అక్క కొడుకు ఉండే డాలస్‌కీ న్యూజెర్సీకీ గంట తేడా ఉంటుందే, మనకెందుకు లేదు? ఈ టైములు అసలు ఎవరు పంచుతారు? చైనా అంత పెద్దదైనా ఒకటే టైమట, నిజమేనా? అమ్మాయి తన ఫోన్‌లో టైమ్ గంట ముందుకు జరుపుకుంటానంటోంది. జరుపుకోమనాలా, వద్దా?*

*— ఒక తల్లి, హైదరాబాద్*

అమ్మా, ముందు చివరి ప్రశ్నకు జవాబు చెప్తాను. ఫోన్‌లో టైమ్ జరపొద్దనండి. తన దినచర్యనే గంట ముందుకు జరుపుకోమనండి. అదెలాగో, ఫోన్ ఎందుకు ముట్టుకోకూడదో తర్వాత చెప్తాను. ముందు ఆ నాలుగున్నర సాయంత్రం లెక్క చూద్దాం. అది తెలిస్తే మిగతా ప్రశ్నలు సగం తీరిపోతాయి.

భూమి 24 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది. చుట్టుకి 360 డిగ్రీలు కాబట్టి గంటకి 15 డిగ్రీలు, ఒక డిగ్రీకి 4 నిమిషాలు. ఈ నాలుగు నిమిషాల లెక్క ఒక్కటి గుర్తుంటే చాలు. తూర్పున ఉన్న ఊళ్లో సూర్యుడు ముందు నడినెత్తికి వస్తాడు, పడమటి ఊరికి తర్వాత వస్తాడు. హైదరాబాద్ 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, గువాహటి దాదాపు 91.75 మీద. తేడా పదమూడు డిగ్రీల పైచిలుకు. నాలుగుతో గుణిస్తే 53 నిమిషాలు. అంటే మీ అమ్మాయి ఉన్న ఊళ్లో మిట్టమధ్యాహ్నం మన కంటే 53 నిమిషాలు ముందే అయిపోతుంది. గడియారాలు మాత్రం రెండు చోట్లా ఒకే అంకె చూపిస్తాయి.

డిసెంబర్ మొదటి వారంలో గువాహటిలో సూర్యాస్తమయం సుమారు 4:31కి, హైదరాబాద్‌లో సుమారు 5:41కి. తేడా 70 నిమిషాలు. రేఖాంశం లెక్కన రావాల్సింది 53 కదా, మిగతా 17 నిమిషాలు ఎక్కడివి? అవి అక్షాంశానివి. గువాహటి మనకన్నా బాగా ఉత్తరాన ఉంది. చలికాలంలో ఉత్తరానికి వెళ్లేకొద్దీ పగలు కురచనవుతుంది. అక్కడ పగలు పొద్దున ఒక 17 నిమిషాలు, సాయంత్రం ఒక 17 నిమిషాలు తరిగిపోతుంది. అందుకే సాయంత్రం ఈ రెండూ కలిసి 70 నిమిషాల తేడాగా కనిపిస్తాయి. పొద్దున మాత్రం ఒకదాన్నొకటి కోసుకుంటాయి. 53లోంచి 17 తీసేస్తే 36. నిజంగానే ఆ వారంలో గువాహటిలో సూర్యోదయం 5:57 ప్రాంతంలో, ఇక్కడ 6:33 ప్రాంతంలో.

ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ విషయం మీద మాట్లాడేవాళ్లు చాలామంది ఆ 70 నిమిషాల తప్పునీ గడియారం మీదే వేస్తారు. అది సరి కాదు. గడియారం మారిస్తే సర్దుకునేది ఆ 53 నిమిషాలే. ఆ 17 నిమిషాలను ఏ ప్రభుత్వమూ వెనక్కి తేలేదు, అవి భూమి వంపువల్ల వచ్చినవి.

ఇక ఈ టైములు పంచేది ఎవరు? ఎవరూ పంచరు. ఏ దేశానికి ఆ దేశమే ఎంచుకుంటుంది. 1884 అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో పాతిక దేశాలు కూర్చుని గ్రీనిచ్ గుండా వెళ్లే గీతను సున్నా డిగ్రీల రేఖాంశంగా తీసుకుందామని ఓటు వేశాయి. ప్రపంచానికి టైమ్ జోన్లు అక్కడే పంచి ఇచ్చారని చాలా పుస్తకాల్లో రాస్తారు. అది నిజం కాదు. అక్కడ ఒప్పుకున్నది లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్న సంగతి. ఆ సున్నా నుంచి మనం ఎన్ని గంటల దూరంలో ఉండాలన్నది ఎవరి ఇష్టం వాళ్లది. ఆ ఇష్టాన్ని నిర్ణయించే పైఅధికారం ఈరోజుకీ ప్రపంచంలో ఎక్కడా లేదు.

అమెరికాలో ఆ పని ముందు చేసింది రైల్వే కంపెనీలు. ఊరికో టైముతో రైళ్లు నడపలేక 1883 నవంబర్ 18న వాళ్లంతట వాళ్లే నాలుగైదు టైములకు దిగారు. చట్టం వచ్చింది 1918లో. ఇప్పటికీ అక్కడ టైమ్ జోన్ హద్దుల వ్యవహారం రవాణా శాఖ చూస్తుంది. ఒక కౌంటీ తన జోన్ మార్చుకోవాలనుకుంటే, జనం ఎక్కడికి పనికి వెళ్తున్నారు, సరుకు ఎక్కడి నుంచి వస్తోంది, ఏ ఊరి టీవీ చూస్తున్నారు అన్నవి చూపించి అడగాలి. వర్తక వ్యవహారాలకు ఏది అనుకూలం అన్నదే అక్కడి చట్టంలో ఉన్న కొలబద్ద. సూర్యుడు ఎక్కడున్నాడన్నది ఒక్కటే చూసి తేల్చరు. మీ అక్క కొడుకు డాలస్‌కీ న్యూజెర్సీకీ మధ్య చూసే గంట తేడా అలా కుదిరినదే.

మన దగ్గరా ఒకప్పుడు చాలా టైములు ఉండేవి. బొంబాయిది గ్రీనిచ్ కంటే 4 గంటల 51 నిమిషాలు ముందు, కలకత్తాది 5 గంటల 53 నిమిషాలు ముందు. రైళ్లకు మాత్రం మద్రాసు టైమ్. అక్కడి నక్షత్రశాల గడియారాన్ని బట్టి అది 5 గంటల 21 నిమిషాలు ముందు. బొంబాయికీ కలకత్తాకీ నడుమ ఉంది కాబట్టి ఇద్దరికీ సర్దుబాటుగా ఉండేది. ఆ తర్వాత 1906 జనవరి 1న 5 గంటల 30 నిమిషాల భారత ప్రామాణిక సమయం వచ్చింది. వచ్చిందే గానీ వెంటనే అందరూ ఒప్పుకోలేదు. కలకత్తా తన టైమును 1948 దాకా వదల్లేదు, బొంబాయి 1955 దాకా వదల్లేదు. అంటే దేశమంతటా ఒకే గడియారం అన్నది మన తాతల కాలంలో కుదిరిన విషయమే.

ఆ ఐదున్నర ఎందుకన్నది నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. పదిహేనేసి డిగ్రీలకు ఒక జోన్ చొప్పున భూమిని కోసుకుంటూ వస్తే, గ్రీనిచ్‌కు 5 గంటలు ముందుండే ముక్క 67.5 డిగ్రీల దగ్గర మొదలై 82.5 దగ్గర ముగుస్తుంది. 6 గంటల ముక్క 82.5 దగ్గర మొదలై 97.5 దగ్గర ముగుస్తుంది. ఇప్పుడు మన దేశాన్ని చూడండి. పడమట గుజరాత్ కొస 68 డిగ్రీలు దాటగానే మొదలవుతుంది, తూర్పున అరుణాచల్ ప్రదేశ్ కొస 97 దాటి కొంచెం వెళ్లి ఆగుతుంది. రెండు ముక్కలను పక్కపక్కన పెట్టి కొలిచి కోసినట్టుగా సరిపోయింది. మనం 5 తీసుకుంటే తూర్పు వాళ్లకు నష్టం, 6 తీసుకుంటే పడమటి వాళ్లకు నష్టం. అందుకని రెండు ముక్కలూ కలిసే అతుకు మీదే, అంటే 82.5 డిగ్రీల మీదే, మన టైమ్ పెట్టుకున్నాం. దాంతో ఏ కొసన ఉన్నవాళ్లకైనా సూర్యుడికీ గడియారానికీ మధ్య సగటున గంటకు మించి తేడా రాదు.

ఆ 82.5 డిగ్రీల గీత అనగానే అందరూ ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ పేరు చెప్తారు. మన తెలుగు నేల మీద నుంచి కూడా అది వెళ్తుంది. మీరు హైదరాబాద్ నుంచి విశాఖ రైలెక్కితే, అన్నవరం దాటి తుని చేరేలోపు ఆ గీతను దాటుతారు. అక్కడ గడియారమూ సూర్యుడూ ఏడాది సగటున ఒకే మాట చెప్తాయి. మనం దానికి నాలుగు డిగ్రీలు పడమర, అందుకే హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సగటున 12:16కి వస్తుంది. ఆ 16 నిమిషాల వెనుకబాటు మనకు అలవాటైపోయి తెలియడం లేదంతే. పంచాంగం చూసేవాళ్లకు తెలుస్తుంది. అభిజిత్ ముహూర్తం ఆ ఊరి పగటి నడుమ పడుతుంది కదా, విజయవాడ పంచాంగంలో ఉన్న టైముకీ హైదరాబాద్‌ది చూస్తే ఉండే టైముకీ ఎనిమిది తొమ్మిది నిమిషాల తేడా ఉంటుంది. ఒకసారి మా బంధువుల గృహప్రవేశానికి ఆ పొరపాటు జరిగింది. విజయవాడ లెక్కన రాసిన టైమును పట్టుకుని అందరం గుమ్మం ముందు నిలబడ్డాక పంతులుగారు వచ్చి, ఇంకా తొమ్మిది నిమిషాలు ఆగాలన్నారు. రెండుంపావు డిగ్రీల కన్నా తక్కువ దూరం, దాని ఖరీదు ఆ తొమ్మిది నిమిషాలు.

మరి తూర్పు వాళ్లు గంట ముందు టైమ్ అడిగితే ఇచ్చేయొచ్చుగా అంటారేమో. అడిగారు, ఎన్నోసార్లు అడిగారు. గౌహతి హైకోర్టుకూ ఆ విషయం వెళ్లింది, 2017లో కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. మన దేశపు టైమును అధికారికంగా నడిపేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. ఆ సంస్థ శాస్త్రవేత్తలే 2018లో రెండు టైములు పెట్టడం సాధ్యమేనని ఒక పరిశోధన పత్రంలో రాశారు. అందులో హద్దు ఎక్కడ గీయాలో కూడా చూపించారు. పశ్చిమ బెంగాల్, అసోం కలిసే చోట, 89 డిగ్రీల 52 నిమిషాల రేఖాంశం దగ్గర. ఆ చోటే ఎందుకంటే, అక్కడ దేశం బాగా ఇరుకైపోతుంది. హద్దు ఎంత పొట్టిగా ఉంటే దాన్ని దాటే రైలు మార్గాలు అంత తక్కువ, గడియారాలు మార్చుకోవాల్సిన స్టేషన్లు అంత తక్కువ. టైమ్ జోన్ హద్దు గీసేవాళ్లు మొట్టమొదట వెతికేది ఇదే. జనం రోజూ అటూ ఇటూ దాటే చోట గీత గీస్తే బతుకు నరకమవుతుంది. ఇల్లు ఉప్పల్‌లో, ఆఫీసు తార్నాకలో ఉండి, మధ్యలో గంట మారుతుందనుకోండి. పిల్లల స్కూలు ఒక టైములో, మీ బస్సు ఇంకో టైములో.

ప్రభుత్వం మాత్రం ఒప్పుకోలేదు. ఈ విషయం పరిశీలించిన ఉన్నతస్థాయి కమిటీ వ్యూహాత్మక కారణాలతో రెండు టైములు వద్దందని 2019లో పార్లమెంటుకు చెప్పారు. ఆ మాటను ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకోవచ్చు. నాకు మాత్రం రెండు ఇబ్బందులు కంటికి కనిపిస్తూనే ఉన్నాయి. ఒకటి రైళ్లు. హద్దు దగ్గర ఒక స్టేషన్ మాస్టర్ ఒక టైములో రాసి, పక్క స్టేషన్‌వాళ్లు ఇంకో టైములో చదివితే ప్రమాదానికి దారి తీయొచ్చు. రెండోది ఆఫీసులు. రెండు చోట్లా పది నుంచి ఐదు దాకా పని చేస్తారనుకుందాం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నవాళ్లూ గువాహటిలో ఉన్నవాళ్లూ ఏడు గంటలూ ఒకేసారి సీట్లో ఉంటారు. గువాహటి గంట ముందుకు వెళ్తే, మన పదింటికి వాళ్లకు పదకొండు, వాళ్లు ఐదింటికి లేచేసరికి మనకు నాలుగు. కలిసి పని చేసేది ఆరు గంటలే. భోజనం గంటలు కూడా విడివిడిగా పడితే ఇంకా తగ్గుతుంది. నష్టం చిన్నదే అనిపిస్తుంది గానీ, పనంతా ఢిల్లీతో ఉండే ఆఫీసుకు అది రోజూ తగిలే నష్టం.

అలాగని తూర్పు వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. అసోం టీ తోటల్లో 'బాగాన్ టైమ్' అని ఒకటి బ్రిటిష్‌వాళ్ల కాలం నుంచీ ఉంది. బాగాన్ అంటే తోట. అది మామూలు టైముకు గంట ముందుంటుంది. పొద్దున్నే వెలుతురు ఉన్నప్పుడే ఆకు కోయించుకోవాలి గనుక, తోట గడియారం ఎనిమిది చూపిస్తే ఊరి గడియారం ఏడే చూపిస్తుంది. తోట లోపల ఆ లెక్కన పని, గేటు దాటి బయటికొస్తే దేశం లెక్క. మీ అమ్మాయికి నేను చెప్పాలనుకున్నదీ ఇదే పద్ధతి.

చైనా సంగతి నిజమే, దేశమంతా ఒకటే టైమ్. మన 82.5 లాగే వాళ్లు 120 డిగ్రీల రేఖాంశాన్ని పట్టుకున్నారు, గ్రీనిచ్‌కు 8 గంటలు ముందు. దానికి బీజింగ్ టైమ్ అని పేరు గానీ, బీజింగ్ కూడా ఆ గీత మీద లేదు, మూడున్నర డిగ్రీలు పడమరగా ఉంది. కొలిస్తే బీజింగ్ సూర్యుడు తన గడియారానికి దాదాపు 14 నిమిషాలు వెనకబడి ఉంటాడు, హైదరాబాద్ సూర్యుడి లాగే. అసలు కష్టం దేశం ఆ కొసన ఉంది. చైనా తూర్పు నుంచి పడమర దాకా అరవై డిగ్రీల పైమాటే, అంటే నాలుగు గంటలకు పైగా. పాత చైనా రిపబ్లిక్ కాలంలో అయిదు టైములు పెట్టుకున్నారు. 1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక దేశమంతా ఒకటేనన్న భావంతో ఒకే టైముకు మళ్లించారు. జనం అత్యధికంగా తూర్పు సగంలోనే ఉన్నారు కాబట్టి ఎక్కువ మందికి ఇబ్బంది కాలేదు.

పడమటి కొసన కాష్గర్ అని ఒక ఊరుంది, షింజియాంగ్ ప్రాంతంలో. దాని రేఖాంశం దాదాపు 76 డిగ్రీలు. మన 78.5కి రెండున్నర డిగ్రీలు మాత్రమే పడమర. అంటే హైదరాబాద్ నుంచి నిలువుగా ఉత్తరానికి వెళ్తే ఇంచుమించు అక్కడికే చేరతాం. మనకు నడినెత్తిన ఉన్న సూర్యుడు పది నిమిషాల్లో వాళ్లకు నడినెత్తికి వస్తాడు. మన గడియారంలో 12:26 అయినప్పుడు కాష్గర్‌లో మిట్టమధ్యాహ్నం. ఆ సమయానికి చైనా గడియారం ఎంత చూపిస్తుంది? మనకన్నా రెండున్నర గంటలు ముందు కాబట్టి 2:56. మధ్యాహ్నం మూడు కావస్తుండగా అక్కడ మిట్టమధ్యాహ్నం. డిసెంబర్ చివర్లో సూర్యోదయం పొద్దున 10 గంటలు దాటాక. మనలాంటి ఊరే, మన సూర్యుడే, కానీ గడియారం సముద్రతీరంలోని ఎవరిదో.

అక్కడివాళ్లు దానికి ఏం చేశారంటే, గ్రీనిచ్‌కు 6 గంటలు ముందుండే షింజియాంగ్ టైమ్ అని ఒకటి తమలో తాము వాడుకుంటారు. అది బీజింగ్ టైముకు రెండు గంటలు వెనక. ముఖ్యంగా అక్కడి ఉయ్‌ఘర్ జాతివాళ్లు దాన్ని వాడతారు. ఎవరైనా ఆరింటికి రమ్మంటే, ఏ ఆరు అని అడగడం అక్కడ మామూలు. ప్రభుత్వ ఆఫీసులు బీజింగ్ టైమే రాసుకున్నా, తలుపులు తెరిచేది మాత్రం తూర్పు ప్రాంతాల కంటే బాగా ఆలస్యంగా. కాష్గర్‌కు నైరుతిగా అఫ్ఘానిస్థాన్‌తో ఉన్న కొద్దిపాటి సరిహద్దు దాటితే గడియారం ఒక్కసారిగా మూడున్నర గంటలు వెనక్కి పోతుంది. అటువైపు టైమ్ నాలుగున్నర, ఇటువైపు ఎనిమిది.

చైనానూ మనల్నీ ఒకే గాటన కట్టకూడదని నేననేది ఇందుకే. మనది రెండు జోన్ల దేశం. అతుకు మీద నిలబడి ఒకే టైమ్ పెట్టుకుంది, కొసల్లో ఉన్నవాళ్లకు పడే తేడా గంట. వాళ్లది ఐదు జోన్ల దేశం, టైమును తూర్పు వైపుకు లాగేసింది, పడమటి కొసకు పడే తేడా మూడు గంటలు. మన తూర్పు వాళ్ల బాధ నిజమైనదే, దాన్ని చిన్నదని కొట్టేయను. కానీ గంట తేడాను పని వేళలతో సర్దుకోవచ్చు, మూడు గంటల తేడాను అలా సర్దుకోవడం చాలా కష్టం.

ఇక మీ అమ్మాయి ఫోన్ సంగతి. సెట్టింగ్స్‌లో ఏ పేరు కనిపించినా, ఫోన్ లోపల మన టైమ్ జోన్ పేరు `Asia/Kolkata`. ఫోన్లు, కంప్యూటర్లు వాడే టైమ్ జోన్ల జాబితాలో హైదరాబాద్ పేరే లేదు. మనల్ని మర్చిపోయి కాదు. 1970 నుంచి గడియారాలు అచ్చం ఒకేలా నడిచిన ప్రాంతాలన్నిటికీ కలిపి ఒక పెద్ద ఊరి పేరు పెడతారు. హైదరాబాద్ గడియారం, కోల్‌కతా గడియారం ఆ ఏడాది నుంచి ఎప్పుడూ విడిపోలేదు, కాబట్టి ఒక్క పేరు చాలు. అదే జాబితాలో చైనాకు `Asia/Shanghai` కాక `Asia/Urumqi` అని ఇంకోటి ఉంది. చైనా ప్రభుత్వం లెక్కలో లేని షింజియాంగ్ టైమ్ అది. జనం నిజంగా ఏ టైమ్ వాడుతున్నారో ఆ జాబితా తయారు చేసేవాళ్లు దాన్నే రాసుకుంటారు.

ఫోన్ లోపల నడిచేది గ్రీనిచ్ నుంచి లెక్కపెట్టే ప్రపంచ సమయం. దానికి ఐదున్నర కలిపి మీకు చూపిస్తుంది. మీ అమ్మాయి ఆటోమేటిక్ తీసేసి చేత్తో గంట ముందుకు తిప్పితే, కేవలం చూపించే అంకె కాదు, లోపలి ప్రపంచ సమయమే గంట తప్పిపోతుంది. అప్పుడు లాగిన్ కోసం అర నిమిషానికోసారి అంకెలు మార్చే యాప్‌ల కోడ్లు చెల్లవు, కొన్ని వెబ్‌సైట్లు భద్రత సరిగా లేదని తెరుచుకోకపోవచ్చు, మెసేజ్‌ల వరుస తారుమారు కావచ్చు. ఏదో పాడైందని టెన్షన్ పడతారు గానీ గడియారం గుర్తుకు రాదు. ఫోన్‌లో ఉన్నట్టుండి ఇలాంటివన్నీ ఒకేసారి మొదలైతే ముందు చూడాల్సింది ఆ ఆటోమేటిక్ టైమ్ బటన్‌నే. నిజంగా గంట ముందు టైమ్ కళ్ల ముందు ఉండాలనుకుంటే, ఒక మామూలు గోడ గడియారం కొనుక్కుని దాన్ని గంట ముందుకు తిప్పి గదిలో పెట్టుకోమనండి. అదే తన బాగాన్ టైమ్.

ఆ పద్ధతిలో రోజు ఎలా ఉంటుందో చూడండి, ఇక్కడ చెప్పే టైములు మాత్రం అన్నీ మామూలు టైములోనే. కాలేజీ తొమ్మిదికి అనుకుందాం. డిసెంబర్‌లో అక్కడ 6 కాకముందే తెల్లవారుతుంది. అంటే క్లాసుకు ముందు మూడు గంటల వెలుతురు తన చేతిలో ఉంది, హైదరాబాద్‌లో మనకు ఆ నెలలో రెండున్నర గంటలే. సాయంత్రం నడకను పొద్దున 6:15కి మార్చుకోవాలి. ఎండ తగలాల్సిన పనులు, బజారు పని, బట్టలు ఆరేయడం, అన్నీ పొద్దుటిపూటకే. సాయంత్రం నాలుగున్నర తర్వాత ఉన్నది రాత్రి అనుకుని, లైబ్రరీ, లెక్కలు, రాత పని అప్పుడు పెట్టుకోవాలి. రాత్రి పది లోపు పడుకోవాలి. హైదరాబాద్ అలవాటులో పన్నెండు దాకా మేలుకుంటే, తన శరీరానికి అది దాదాపు ఒంటిగంట అయినట్టే, పైగా పొద్దుటి మూడు గంటల వెలుగూ నిద్రలోనే పోతుంది. దిగులు చాలావరకు అక్కడినుంచే వస్తుండవచ్చు. మీరు ఫోన్ చేసే వేళ కూడా ఎనిమిదికి తెచ్చుకోండి, తొమ్మిదిన్నరకు వద్దు. నాలుగైదు వారాలు ఇలా చేసినా దిగులు తగ్గకపోతే మాత్రం దాన్ని గడియారం మీద వేయకుండా డాక్టర్‌కు చూపించండి.

జూన్‌లో ఇంకోలా ఉంటుందని ముందే చెప్పి ఉంచండి. అప్పుడు గువాహటిలో సూర్యోదయం నాలుగున్నరకే, మనకు 5:40 దాటాక. కిటికీకి మందపాటి తెర లేకపోతే నిద్ర చెడుతుంది.

చివరగా మీరిద్దరూ కలిసి చేయగలిగిన పని ఒకటి ఉంది. నేను బడిలో భూగోళం చెప్పిన రోజుల్లో పిల్లలతో ఏటా చేయించేవాణ్ని. ఒక ఆదివారం ఇద్దరూ ఎవరి మేడ మీద వాళ్లు సమతలంగా ఉన్న చోట ఒక సన్నని కర్రను నిటారుగా నిలబెట్టండి. మన పూర్వీకులు శంకువు అన్నది దీన్నే. నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూసుకోండి. పొద్దున పదిన్నర ప్రాంతంలో నీడ కొసన సుద్దముక్కతో చుక్క పెట్టి, కర్ర మొదలు కేంద్రంగా ఆ చుక్క గుండా ఒక గుండ్రం గీయండి, టైమ్ రాసుకోండి. నీడ కురచవుతూ లోపలికి వెళ్లి, మధ్యాహ్నం తర్వాత మళ్లీ పెరుగుతూ గుండ్రాన్ని తాకుతుంది. ఆ టైమ్ రాసుకోండి. రెండింటికీ సరిగ్గా నడుమ ఉన్నదే ఆ ఊరి మిట్టమధ్యాహ్నం. అతి చిన్న నీడ ఎప్పుడా అని కళ్లతో చూస్తూ కూర్చుంటే దొరకదు, ఎందుకంటే ఆ సమయంలో నీడ చాలాసేపు కదలనట్టే ఉంటుంది. అందుకే ఈ గుండ్రం.

డిసెంబర్ మొదటి వారంలో చేస్తే మీకు పొద్దున 10:37, మధ్యాహ్నం 1:37 లాంటి అంకెలు వస్తాయి, నడుమ 12:07. అమ్మాయికి పొద్దున 9:44, మధ్యాహ్నం 12:44 లాంటివి వస్తాయి, నడుమ 11:14. తన గుండ్రం గీయాల్సింది పదిన్నరకు కాక తొమ్మిదిముప్పావు ప్రాంతంలో అని మర్చిపోవద్దనండి, లేకపోతే గుండ్రం చిన్నదైపోయి లెక్క సరిగా రాదు. సగటు 12:16 అన్నారే, 12:07 ఏమిటంటారా? సూర్యుడు ఏడాది పొడుగునా ఒకే తీరుగా నడవడు. ఫిబ్రవరిలో హైదరాబాద్ మిట్టమధ్యాహ్నం 12:30 దాకా పోతుంది, నవంబర్ మొదట్లో సరిగ్గా 12కి వస్తుంది. మే 9 ప్రాంతంలో మన ఊళ్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండి నీడ కర్ర కిందకే వెళ్లిపోయేది కూడా 12:12కి. ఆ హెచ్చుతగ్గులు రెండు ఊళ్లకూ ఒకేలా ఉంటాయి కాబట్టి, ఏ నెలలో చేసినా మీ ఇద్దరి అంకెల మధ్య తేడా 53 నిమిషాలే వస్తుంది. రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ వస్తే కర్ర వంగిందేమో చూసుకోండి.